వడ్డీ మీద పన్ను: ధరలు పెరిగేకొద్దీ దెబ్బ ఎందుకు గట్టిగా తగులుతుంది? (తరచుగా అడిగే ప్రశ్నలు)

పాలకొల్లులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. జూలై వచ్చిందంటే చాలు, డిపాజిట్ కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లు అడిగే మాట దాదాపు ఒకటే: "ఈ ఏడు వడ్డీ బాగానే వచ్చిందండీ, అయినా ఇల్లు గడవడం కష్టమైపోతోంది, పైగా దాని మీద పన్ను కూడానా?" ఆ మాటలో న్యాయం ఉంది. అదెంత, ఎక్కడుంది అనేది లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను.

నామమాత్రపు రాబడి, నిజ రాబడి అంటున్నారు. రెండింటికీ తేడా ఏంటి?

బ్యాంకు రసీదు మీద రాసి ఉండేది నామమాత్రపు రాబడి. 6 శాతం, 7 శాతం అని. అది రూపాయల్లో లెక్క. ఆ రూపాయలతో పోయినేడు కొన్న సరుకు కంటే ఈ ఏడు ఎంత ఎక్కువ కొనగలుగుతున్నారు అన్నది నిజ రాబడి.

సులువుగా చూడాలంటే వడ్డీ రేటులోంచి ధరల పెరుగుదల తీసేయండి. వడ్డీ 7, ధరలు 5 పెరిగితే మీకు నిజంగా మిగిలింది 2 శాతం. కచ్చితమైన లెక్క కావాలంటే తీసివేత చాలదు, భాగించాలి: 1.07ని 1.05తో భాగిస్తే 1.019 వస్తుంది, అంటే 1.9 శాతం. ధరలు నెమ్మదిగా పెరిగేటప్పుడు ఈ తేడాని పట్టించుకోనక్కర్లేదు.

ధరలు పెరిగితే బ్యాంకువాళ్లు వడ్డీ కూడా పెంచుతారు కదా. అప్పుడు చెల్లుకు చెల్లు కాదా?

పన్ను లేకపోతే చెల్లుకు చెల్లే. పన్ను ఉంటే కాదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని తాపీగా చూద్దాం.

అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్ గారు ఉన్నారనుకుందాం. కొత్త పన్ను విధానంలో ఆయన ఆదాయం 17 లక్షల దగ్గర ఉంది, అంటే పైన వచ్చే ప్రతి రూపాయి మీదా 20 శాతం పన్ను (సెస్ కలిపితే 20.8, లెక్క తేలికగా ఉండాలని 20 అనే పెట్టుకుందాం). ఆయన దగ్గర 10 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంట్లో వాడే 25 కిలోల బియ్యం బస్తా ధర 1,250 రూపాయలు. అంటే డబ్బు వేసిన రోజున ఆ 10 లక్షలకి సరిగ్గా 800 బస్తాలు వస్తాయి. మిగతా సరుకులన్నీ ఎంత పెరిగితే బియ్యం కూడా అంతే పెరుగుతుందనుకుని, ఇక మీదట రూపాయలు మర్చిపోయి బస్తాలే లెక్కపెడదాం.

ముందు ధరలు 3 శాతం పెరిగిన ఏడాది. బ్యాంకు వడ్డీ 6 శాతం. ఏడాది తిరిగేసరికి వడ్డీ 60,000, బస్తా ధర 1,287.50. పన్ను లేకపోతే 10,60,000కి 823 బస్తాలు వచ్చేవి, అంటే 23 బస్తాల నిజమైన లాభం. పన్ను 12,000 కట్టాక మిగిలిన 10,48,000కి 814 బస్తాలు. 23లో 9 బస్తాలు పన్నుకి పోయాయి, 14 మిగిలాయి.

ఇప్పుడు ధరలు 7 శాతం పెరిగిన ఏడాది. బ్యాంకు న్యాయంగానే ఉంది, వడ్డీ కూడా సరిగ్గా ఆ 4 శాతమే పెంచి 10 చేసింది. వడ్డీ లక్ష రూపాయలు, బస్తా 1,337.50. పన్ను లేకపోతే 822 బస్తాలు, దాదాపు పాత లాభమే. కానీ పన్ను 20,000 అయింది. మిగిలిన 10,80,000కి వచ్చేవి 807 బస్తాలు. 22 బస్తాల లాభంలో 15 పన్నుకే పోయాయి, ఆయనకి మిగిలినవి 7.

ధరలు 12 శాతం పెరిగి వడ్డీ 15 అయిందనుకోండి. లక్షా యాభై వేల వడ్డీ చూసి ఇంట్లో అందరూ సంతోషిస్తారు. పన్ను 30,000 పోగా చేతిలో 11,20,000. బస్తా ధర 1,400. భాగించి చూడండి: సరిగ్గా 800 బస్తాలు. ఏడాదంతా డబ్బు బ్యాంకులో పెట్టినందుకు ఒక్క బస్తా కూడా పెరగలేదు, లాభం మొత్తం పన్నే తీసుకుంది.

మూడు సందర్భాల్లోనూ వడ్డీకి, ధరల పెరుగుదలకి మధ్య తేడా అదే 3 శాతం. పన్ను రేటు అదే 20. బ్యాంకు ఏమీ మోసం చెయ్యలేదు. మారింది ధరల వేగం ఒక్కటే.

ఎందుకలా జరుగుతుంది? పన్ను రేటు మారలేదు కదా.

రేటు మారలేదు, అది పడే మొత్తం మారింది. 10 శాతం వడ్డీ వచ్చినప్పుడు అందులో 7 శాతం మీ ఆదాయం కాదు. అసలు ఏడాదిలో ఎంత అరిగిపోయిందో అంత తిరిగి పూడ్చడానికి వచ్చిన డబ్బు అది. మిగిలిన 3 శాతమే ఆదాయం. పన్ను చట్టం ఈ రెండింటినీ విడదీయదు. మొత్తం 10 శాతాన్నీ 'ఇతర ఆదాయం' కింద చూపించి పన్ను కట్టమంటుంది. అంటే ఆ 7 శాతం మీద కట్టే పన్ను మీ అసలు మీద కడుతున్న పన్నే, పేరు మాత్రం వడ్డీ మీద పన్ను.

సూత్రం కావాలంటే ఇదిగో:

```
నిజ లాభం మీద పన్ను రేటు =
   పన్ను రేటు × వడ్డీ రేటు ÷ (వడ్డీ రేటు − ధరల పెరుగుదల)
```

లెక్చరర్ గారికి 6, 3 పెట్టి చూస్తే 40 శాతం. 10, 7 పెడితే 67 శాతం. 15, 12 పెడితే 100 శాతం. ధరలు అసలు పెరగని ఏడాదిలో 3 శాతం వడ్డీ వస్తే మాత్రమే చట్టంలో రాసిన 20 శాతం నిజంగా 20 శాతం అవుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1975లో మైకేల్ డార్బీ అనే అమెరికా ఆర్థికవేత్త ఇదే పాయింట్ మీద రాశారు: వడ్డీ మీద పన్ను ఉన్నప్పుడు, ధరలు ఒక శాతం పెరిగితే వడ్డీ ఒక శాతం పెరిగితే చాలదు, అంతకన్నా ఎక్కువే పెరగాలి అని. 20 శాతం పన్ను కట్టేవాళ్లకైతే ఆ పెరగాల్సింది ఒకటింబావు శాతం. మన లెక్చరర్ గారికి మొదటి ఏడాది మిగిలినంతే 7 శాతం ఏడాదిలోనూ మిగలాలంటే బ్యాంకు 10 కాదు, 11 శాతం ఇవ్వాలి. మన దగ్గర బ్యాంకులు డిపాజిటరు ఏ శ్లాబులో ఉన్నారో చూసి వడ్డీ ఇవ్వవు కదా.

ధరల కంటే వడ్డీయే తక్కువ ఉంటే? అప్పుడు లాభమే లేదు, పన్ను ఉండకూడదు కదా?

ఉండకూడదు. కానీ ఉంటుంది. దీన్ని ఊహించుకోనక్కర్లేదు, 2022-23లో జరిగిందే. కోవిడ్ మొదలైనప్పుడు 2020 మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతానికి దించి రెండేళ్లు అక్కడే ఉంచింది. 2022 మొదట్లో పెద్ద బ్యాంకుల్లో ఏడాది ఎఫ్‌డీ మీద వచ్చింది సుమారు 5 శాతం. 2022-23లో వినియోగ ధరల ద్రవ్యోల్బణం సగటున 6.7 శాతం.

అదే లెక్చరర్ గారి 10 లక్షలు, అదే 800 బస్తాలతో చూద్దాం. వడ్డీ 50,000. బస్తా 1,334 దగ్గరకి చేరింది. పన్ను లేకపోయినా ఆయన చేతికి వచ్చేవి 787 బస్తాలే, అంటే అప్పటికే 13 తక్కువ. ఆ పైన 10,000 పన్ను కడితే 780. మొత్తం 20 బస్తాలు పోతే అందులో 13 తక్కువ వడ్డీ వల్ల, 7 పన్ను వల్ల. నష్టపోయినవాడు ఆ నష్టం మీద పన్ను కూడా కట్టాడు. షేర్లలో నష్టమొస్తే దాన్ని చూపించి మరో లాభంలో తగ్గించుకోవచ్చు, ఎఫ్‌డీలో వచ్చే ఈ నష్టాన్ని చూపించడానికి రిటర్నులో ఒక గడి కూడా లేదు. నాకు ఇందులో అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

మరి ఎంత వడ్డీ వస్తే కనీసం అసలు నిలబడుతుంది?

ధరల పెరుగుదలని, 1 లోంచి పన్ను రేటు తీసేయగా మిగిలినదానితో భాగించండి. ధరలు 6 శాతం పెరుగుతున్నాయి, మీది 20 శాతం శ్లాబు అయితే 6ని 0.8తో భాగించాలి: 7.5 శాతం. 30 శాతం శ్లాబువాళ్లకి సెస్‌తో కలిపి 31.2 కాబట్టి 6ని 0.688తో భాగిస్తే 8.7 శాతం. అంతకంటే తక్కువ ఇచ్చే ఏ డిపాజిట్ అయినా మీ అసలుని కరిగిస్తున్నట్టే, పాస్‌బుక్కులో అంకె పెరుగుతూనే ఉన్నా సరే.

ఒక సంగతి. ధరల పెరుగుదల అంటే పేపర్లో వచ్చే సగటు అంకె. మీ ఇంటి ఖర్చు ఆ సగటులా ఉండకపోవచ్చు. మందులు, ఆసుపత్రి ఖర్చే ఎక్కువ ఉన్న పెద్దవాళ్ల ఇంట్లో ఒక రకంగా పెరుగుతుంది, బియ్యం, కొబ్బరికాయలు, పాలు సొంత పొలంలో, పాకలో దొరికే ఇంట్లో ఇంకో రకంగా ఉంటుంది. మీ ఇంటి పద్దు పుస్తకం ఉంటే ఆ అంకెనే వాడండి.

ఒక్క ఏడాదికి ఏడెనిమిది బస్తాల తేడాయే కదా, ఇంత గొడవ ఎందుకు?

పదేళ్లు చూడండి. పైన చెప్పిన మొదటి రెండు సందర్భాలనే పదేళ్లు కొనసాగించి, వచ్చిన మొత్తాన్ని ఈరోజు ధరల్లోకి మార్చి చెబుతున్నాను. పన్ను లేకపోతే 10 లక్షలు రెండు చోట్లా దాదాపు ఒకలాగే పెరుగుతాయి: తక్కువ ధరల దగ్గర 13.3 లక్షలు, ఎక్కువ ధరల దగ్గర 13.2 లక్షలు. ఏటా 20 శాతం పన్ను కడుతూ వెళితే మొదటిదాంట్లో 11.9 లక్షలు, రెండోదాంట్లో 11 లక్షలు. పదేళ్ల ఓపికకి వచ్చిన 3 లక్షల చిల్లర నిజ లాభంలో రెండోచోట మిగిలింది లక్షే. రూపాయల్లో చూస్తే రెండోదే గొప్పగా కనిపిస్తుంది, 21.6 లక్షలు అవుతుంది కాబట్టి. అక్కడే మోసపోతాం.

వడ్డీ చేతికి రాకుండా చివర్లో ఒకేసారి తీసుకునే డిపాజిట్ వేసినా, టీడీఎస్ పరిమితి దాటితే బ్యాంకు ఏటేటా లెక్కకట్టి పట్టుకుంటుంది, అందుకే చాలామంది ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాదే చూపిస్తారు. అలాగే చెయ్యడం మంచిది కూడా. లేకపోతే ఐదేళ్ల వడ్డీ అంతా ఒకే ఏడాది మీద పడి పై శ్లాబులోకి నెడుతుంది.

నా ఆదాయం 12 లక్షల లోపే. నాకు పన్నే లేదు కదా?

2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి లేదు. మీకు ఈ పేజీలో చెప్పిన సమస్య పట్టదు, ధరల సమస్య ఒక్కటే ఉంటుంది. డెల్టాలో రిటైరైన చాలా కుటుంబాలు ఈ గీత లోపలే ఉంటాయి.

కానీ గీతకి దగ్గర్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఆ 12 లక్షలు ధరలతో పాటు దానంతట అది పెరగదు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 9 లక్షల పెన్షన్, 40 లక్షల డిపాజిట్లు ఉన్నవారిని తీసుకోండి. ధరలు 3 శాతం, వడ్డీ 6 శాతం ఉన్న ఏడాదిలో వడ్డీ 2.4 లక్షలు, మొత్తం 11.4 లక్షలు, పన్ను సున్నా. ధరలు 7, వడ్డీ 10 అయితే వడ్డీ 4 లక్షలు, మొత్తం 13 లక్షలు. రిబేటు పోయింది, పన్ను 75,000, సెస్‌తో 78,000. నిజ లాభం రెండు సందర్భాల్లోనూ 1.2 లక్షలే. ఒకచోట సున్నా పన్ను, ఇంకోచోట లాభంలో మూడింట రెండు వంతులు. పాత విధానంలో సేవింగ్స్ ఖాతా వడ్డీకి ఇచ్చే 10,000 మినహాయింపు కూడా ఇలాంటిదే, 2012లో పెట్టిన అంకె ఇప్పటికీ అదే.

ఎఫ్‌డీ రేట్లు తగ్గాయని టెన్షన్ పడుతున్నాం. పాత రోజుల్లో 9, 10 శాతం వచ్చేది కదా?

వచ్చేది. 2012, 2013లో బ్యాంకులు 9 శాతం దాకా ఇచ్చినప్పుడు ధరలు కూడా 9, 10 శాతం పెరిగేవి. 2016లో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ దోసెల లెక్కతో ఇది చెప్పారు: వడ్డీ 10, ధరలు 10 ఉన్నప్పటికంటే వడ్డీ 8, ధరలు 5.5 ఉన్నప్పుడు పెన్షనరు ఎక్కువ దోసెలు తినగలరు అని. ఆ అంకెలకే 20 శాతం పన్ను కలిపి చూడండి. మొదటిచోట పన్ను పోగా 8, ధరలు 10, అంటే ఏటా 2 శాతం కరుగుతోంది. రెండోచోట పన్ను పోగా 6.4, ధరలు 5.5, దాదాపు ఒక శాతం మిగులు. రసీదు మీద అంకె చిన్నదైనా ఇదే మేలు.

అలాంటప్పుడు ధరల పెరుగుదల తీసేసి మిగిలినదాని మీదే పన్ను వేయొచ్చు కదా?

వేయొచ్చు, వేరేచోట అలా చేశారు కూడా. ఇల్లు, స్థలం అమ్మినప్పుడు కొన్న ధరని ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగిలిన లాభం మీదే పన్ను కట్టే పద్ధతి ఏళ్ల తరబడి ఉండేది. 2024 జూలై 23 నుంచి దాన్ని చాలావరకు తీసేశారు; అంతకుముందు కొన్న ఇళ్లకి, స్థలాలకి మాత్రం సూచీతో 20 శాతమా, సూచీ లేకుండా 12.5 శాతమా అని ఎంచుకునే వీలు ఉంచారు. డెట్ మ్యూచువల్ ఫండ్లలో ఆ సౌకర్యం 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టినవాటికి పోయింది. డిపాజిట్ వడ్డీకి అయితే ఎప్పుడూ లేదు.

ఇంకా చిత్రమైన ఉదాహరణ 2013 డిసెంబరులో రిజర్వు బ్యాంకు తెచ్చిన ద్రవ్యోల్బణ బాండ్లు. ధరలు ఎంత పెరిగితే అంత, పైన 1.5 శాతం ఇస్తామన్నారు. వినడానికి పూర్తి రక్షణలా ఉంది. కానీ మొత్తం వడ్డీ మీద పన్ను ఉంది. ధరలు 8 పెరిగితే వచ్చేది 9.5, 20 శాతం పన్ను పోగా 7.6. ధరల నుంచి కాపాడటానికే పుట్టిన బాండు కూడా పన్ను తర్వాత ధరలని అందుకోలేకపోయింది.

మన వైపు చేతిలో డబ్బు ఉన్నవాళ్లు కొబ్బరితోట, వరిచేను అంటూ భూమి వైపు ఎందుకు మొగ్గుతారో కూడా ఇందులో కొంత కనిపిస్తుంది. భూమి విలువ పెరిగినందుకు ఏటా పన్ను లేదు, అమ్మినప్పుడే. పట్టణ పరిధికి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అయితే అమ్మినప్పుడు కూడా మూలధన లాభం పన్ను పడదు. భూమి కొనమని నేను చెప్పడం లేదు, అవసరానికి వెంటనే అమ్ముడుపోదు. పన్ను చట్టం రెండింటినీ ఒకేలా చూడదని మాత్రం చెబుతున్నాను.

పీపీఎఫ్‌లో 7.1 శాతమే కదా, ఎఫ్‌డీలో 7.5 వస్తుంటే అక్కడెందుకు పెట్టాలి?

పీపీఎఫ్ వడ్డీ మీద పన్ను లేదు కాబట్టి. 20.8 శాతం కట్టేవాళ్లకి ఎఫ్‌డీ 7.5 అంటే చేతికి 5.9. పీపీఎఫ్ 7.1 అంటే 7.1. పైగా ధరలు ఎంత వేగంగా పెరిగినా పన్ను వల్ల అదనపు దెబ్బ పడదు. పరిమితులున్నాయి: ఏడాదికి లక్షన్నర మించి వేయడానికి లేదు, పదిహేనేళ్లు ఆగాలి, 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఉన్న రేటుని ప్రభుత్వం ఎప్పుడైనా మార్చొచ్చు. 12 లక్షల లోపు ఉండి పన్నే లేనివాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్లు పెద్ద అంకె చూసుకోవచ్చు.

ఊళ్లో నోటు రాయించుకుని రూపాయి వడ్డీకి ఇస్తే?

నూటికి నెలకి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. ధరలు 7 అయినా 20 శాతం పన్ను పోగా 9.6 వస్తుంది, లెక్క ప్రకారం బాగుంది. ఆ వడ్డీకి కూడా పన్ను ఉందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. ఇక రొయ్య ధర పడిన ఏడాది అప్పు తీసుకున్న చెరువు రైతు కట్టలేకపోతే అసలుకే ఎసరు, అప్పుడు ఏ సూత్రమూ పనికిరాదు. ఆ 12లో కొంత భాగం ఆ భయానికి ఇస్తున్న ధర.

అప్పు తీసుకున్న ఆ చెరువు రైతు సంగతేంటి?

ఆయనకి ఇదే లెక్క తిరగబడి మేలు చేస్తుంది. రొయ్యల సాగు ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం కింద పన్ను కట్టాలి. అందువల్ల పద్దులు రాసి రిటర్ను వేసే రైతు బ్యాంకు అప్పు మీద కట్టిన వడ్డీ మొత్తాన్నీ ఖర్చుగా చూపించుకోవచ్చు. వడ్డీ 12, ధరలు 7 పెరిగితే ఆయన మీద పడిన నిజ భారం 5 శాతమే, కానీ ఖర్చు కింద చూపించేది 12. 20 శాతం శ్లాబులో ఉంటే 2.4 శాతం పన్ను తగ్గుతుంది, నిజంగా కట్టింది 2.6 శాతమే అవుతుంది. దాచుకున్నవాడికి కోత, అప్పు చేసినవాడికి ఊరట.

మా ఆవిడ పేరు మీద వేస్తే పన్ను తప్పుతుందా?

తప్పదు. మీ డబ్బు భార్య పేరున వేస్తే దాని మీద వచ్చే వడ్డీని చట్టం మీ ఆదాయంలోనే కలుపుతుంది. ఆవిడ సొంత సంపాదన, పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బు అయితే ఆవిడదే. మైనరు పిల్లల పేరున వేసినా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారికే కలుస్తుంది. అమ్మానాన్నలకి ఇచ్చి వాళ్ల పేరున వేస్తే మాత్రం అలా కలవదు, ఆ బహుమతికీ పన్ను లేదు. వాళ్ల ఆదాయం 12 లక్షల లోపు ఉంటే ఆ వడ్డీ మీద పన్ను పడదు. అయితే ఇచ్చిన తర్వాత ఆ డబ్బు వాళ్లది, తోబుట్టువులు ఉన్న ఇంట్లో ఆ మాట ముందే అనుకుని, బ్యాంకు ద్వారానే పంపి, ఒక కాగితం రాసి పెట్టుకోండి. టీడీఎస్ పట్టకుండా ఉండాలంటే, తమకి పన్ను పడదని వాళ్లు ఏటా బ్యాంకుకి డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. అరవై దాటినవాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష వడ్డీ దాటితేనే టీడీఎస్, మిగతావాళ్లకి 50,000 దాటితే.